ఆక్సిజన్ పెట్టినా పెదవుల నీలం పోకపోతే: మెట్‌హిమోగ్లోబినీమియాను క్యాజువాలిటీలో పట్టుకోవడం ఎలా?

పెదవులు, నాలుక, గోళ్లు నీలంగా మారిన మనిషిని స్ట్రెచర్ మీద తీసుకొస్తారు. పల్స్ ఆక్సీమీటర్ పెడితే 86 చూపిస్తుంది. మాస్కుతో ఆక్సిజన్ పెడతారు. పది నిమిషాలు గడిచినా అంకె 86 దగ్గరే ఉంటుంది. స్టెతస్కోపు పెట్టి వింటే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటాయి. ఏబీజీ పంపితే రక్తంలో ఆక్సిజన్ పీడనం కావలసినదానికన్నా ఎక్కువే ఉందని రిపోర్టు వస్తుంది. మనిషి రంగు మాత్రం మారదు.

ఈ మూడూ ఒకదానికొకటి పొసగడం లేదని గమనించిన క్షణమే మెట్‌హిమోగ్లోబినీమియా గుర్తుకు రావాలి. ఏరియా ఆసుపత్రుల్లో, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లు, స్టాఫ్ నర్సుల కోసం ఇది రాస్తున్నాను. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కుష్ఠు చికిత్సలో వాడే డాప్సోన్, మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్, మత్తు కోసం వాడే ప్రిలోకెయిన్, నైట్రేట్ ఎక్కువగా ఉన్న బావినీళ్లతో కలిపిన పసిపిల్లల పాలు, ఇలా జాబితా పొడుగే. అన్నీ చెప్పబోతే ఏదీ గుర్తుండదు. అందుకే మన రెండు రాష్ట్రాల పల్లెల్లో నిజంగా ఎదురయ్యే ఒక్కదాన్ని తీసుకుని మొదటినుంచి చివరిదాకా నడుస్తాను. అది పూత బాగా రావడానికి మిరప మీద, పత్తి మీద కొట్టే నైట్రోబెంజీన్ మందు.

రక్తంలో ఏం జరిగిందో ముందు తెలుసుకోండి

హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఫెర్రస్ రూపంలో ఉన్నంతసేపే ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. నైట్రోబెంజీన్ ఒంట్లోకి వెళ్లాక కాలేయంలో అనిలిన్ లాంటి పదార్థాలుగా మారుతుంది. అవి ఆ ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుని ఫెర్రిక్‌గా మార్చేస్తాయి. ఫెర్రిక్ అయిన హిమోగ్లోబినే మెట్‌హిమోగ్లోబిన్. దానికి ఆక్సిజన్ అంటదు. ఆరోగ్యవంతుల్లోనూ రోజూ కొంచెం తయారవుతూనే ఉంటుంది కానీ, ఎర్ర రక్తకణాల్లోని సైటోక్రోమ్ బీ5 రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఎప్పటికప్పుడు బాగుచేసి దాన్ని 1 శాతం లోపే ఉంచుతుంది. విషం పడినప్పుడు ఆ ఎంజైమ్ పని అందుకోలేకపోతుంది.

నష్టం అంతటితో ఆగదు. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో ఆక్సిజన్ పట్టుకునే చోట్లు నాలుగు. వాటిలో ఒకటి రెండు చెడిపోతే, మిగిలినవి తాము పట్టుకున్న ఆక్సిజన్‌ను కణాలకు వదలకుండా బిగపట్టుకుంటాయి. అందుకే 40 శాతం మెట్‌హిమోగ్లోబిన్ ఉన్న మనిషి పరిస్థితి, రక్తహీనతతో 40 శాతం హిమోగ్లోబిన్ పోగొట్టుకున్న మనిషి కంటే అధ్వానంగా ఉంటుంది.

మరి ఏబీజీలో ఆక్సిజన్ బాగానే ఉందేమిటి? ఏబీజీ యంత్రం కొలిచే PaO2 ప్లాస్మాలో కరిగి ఉన్న ఆక్సిజన్ పీడనం మాత్రమే. ఊపిరితిత్తులు బాగున్నాయి కాబట్టి అది బాగానే ఉంటుంది. చెరువు నిండుగానే ఉంది, కాలువలు పూడుకుపోయి పొలాలు ఎండుతున్నాయన్నమాట. చెరువు మట్టం కొలిచి పొలం పచ్చగా ఉందని రాసేస్తే ఎలా ఉంటుందో, PaO2 చూసి ఆక్సిజన్ సరిపోతోందని రాయడం అలా ఉంటుంది.

ఇంకో చిక్కు అదే కాగితం మీద ఉంటుంది. మామూలు ఏబీజీ రిపోర్టులో SaO2 అని 98, 99 కనిపిస్తే చాలామంది ఊరట పడతారు. చాలా యంత్రాలు దాన్ని కొలవవు. PaO2, pH చూసి, హిమోగ్లోబిన్ అంతా మామూలుదే అనుకుని లెక్కకట్టి వేస్తాయి. హిమోగ్లోబినే చెడిన మనిషిలో ఆ లెక్కకు అర్థం లేదు.

పల్స్ ఆక్సీమీటర్ 85 దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

ఇది తెలిస్తే మిగతాదంతా సులువు, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. వేలికి పెట్టే క్లిప్పు రెండు కాంతులను పంపుతుంది. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది 940 నానోమీటర్ల పరారుణ కాంతి. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఎరుపును తక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేనిది ఎక్కువగా పీల్చుకుంటుంది. పరారుణ కాంతిలో ఇది తిరగబడుతుంది. ఈ రెండింటి నిష్పత్తిని తీసుకుని, లోపల దాచి ఉన్న పట్టికలో చూసుకుని, పరికరం ఒక అంకె వేస్తుంది. ఆ పట్టిక ఆరోగ్యవంతులైన వలంటీర్లకు తక్కువ ఆక్సిజన్ ఇచ్చి తయారుచేసినది. అందులో మెట్‌హిమోగ్లోబిన్‌కు చోటే లేదు. రెండు కాంతులతో రెండు రకాల హిమోగ్లోబిన్‌నే విడదీయగలం, మూడోది వస్తే ఆ లెక్క తేలదు.

మెట్‌హిమోగ్లోబిన్ రెండు కాంతులనూ దాదాపు సమానంగా పీల్చుకుంటుంది. అది పెరిగేకొద్దీ నిష్పత్తి 1 వైపు జరుగుతుంది. పట్టికలో నిష్పత్తి 1కి ఎదురుగా ఉన్న అంకె 85. అందుకే మెట్‌హిమోగ్లోబిన్ 30, 35 శాతం దాటాక ఆక్సీమీటర్ 85 దగ్గర కూర్చుండిపోతుంది. ఆ తర్వాత అది 40 అయినా, 60 అయినా తెర మీది అంకె పెద్దగా కదలదు. 1989లో బార్కర్, ట్రెంపర్, హయట్ కుక్కల మీద ప్రయోగం చేసి దీన్ని స్పష్టంగా చూపించారు.

కాబట్టి పరికరం రెండు వైపులా మోసం చేస్తుంది. మెట్‌హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నప్పుడు SpO2 సుమారు దానిలో సగమే తగ్గుతుంది. 10 శాతం ఉంటే 94, 95 చూపించి 'బాగానే ఉన్నాడు' అనిపిస్తుంది. బాగా ఎక్కువగా ఉన్నప్పుడు 85 చూపించి 'ఫరవాలేదు, ఓ మోస్తరే' అనిపిస్తుంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరిన చిన్న ఆక్సీమీటర్లూ ఇదే సూత్రంతో పనిచేస్తాయి. 85 దగ్గర అంకె నిలకడగా ఉండి, ఆక్సిజన్ పెట్టినా కదలకపోతే దాన్ని తీవ్రత కొలిచే అంకెగా చూడకండి. అనుమానించమని చెప్పే గుర్తుగా చూడండి.

ఒక కేసుతో పాటు నడుద్దాం

ఇది బోధన కోసం కూర్చిన కేసు. 42 ఏళ్ల మిరప రైతు, బరువు 60 కిలోలు. ఉదయం వీపు పంపుతో పూత మందు కొట్టాడు. డ్రమ్ములో కలిపేటప్పుడు చిక్కటి మందు డబ్బా ఒలికి చొక్కా, లుంగీ తడిశాయి. ఎండకు ఆరిపోతుందిలే అని అవే బట్టలతో మధ్యాహ్నం దాకా పనిచేశాడు. సాయంత్రానికి తలనొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ. రాత్రి ఎనిమిదికి భార్య ఆటోలో తీసుకొచ్చింది. మాట తడబడుతోంది, పెదవులు బూడిద కలిసిన నీలంగా ఉన్నాయి. నాడి 118, బీపీ 110/70, SpO2 86.

మొదటి పని: బట్టలు, సబ్బు, ఆక్సిజన్

ఇంకా డయాగ్నోసిస్ తేలకముందే చేయవలసింది ఇది. నైట్రోబెంజీన్ కొవ్వులో కరిగే నూనె లాంటి పదార్థం, చర్మం గుండా సులువుగా లోపలికి పోతుంది. ఒంటి మీద తడిబట్ట ఉన్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుంది. గ్లవ్స్ వేసుకుని, గౌను కట్టుకుని, బట్టలు మొత్తం తీసేయండి. బెల్టు, మొలతాడు, చెప్పులతో సహా. వాటిని మూటగట్టి గదిలో పెట్టకుండా బయట పెట్టించండి. సబ్బుతో, బోలెడు నీళ్లతో తల వెంట్రుకల నుంచి గోళ్ల సందుల దాకా కడగండి. చేదు బాదం లేదా బూటు పాలిష్ వాసన గుప్పుమంటే అది మంచి ఆధారం, కేస్ షీటులో రాయండి.

మందు నోటిలోకి పోయిన కేసైతే వాంతి చేయించకండి. స్పృహ తగ్గుతున్న మనిషిలో ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం తోడవుతుంది. ముందు శ్వాసమార్గం కాపాడండి.

ఎక్కువ ప్రవాహంతో ఆక్సిజన్ పెట్టండి. దానితో రంగు మారదని తెలిసినా పెట్టాలి. బాగున్న కొద్ది హిమోగ్లోబిన్ అయినా పూర్తిగా నిండాలి, ప్లాస్మాలో కరిగే ఆక్సిజన్ కూడా కొంత పనికొస్తుంది. రెండు పెద్ద ఐవీ లైన్లు, ఈసీజీ మానిటర్ సరేసరి.

రెండో పని: ఏం మందో అడగండి, అడిగే తీరులో అడగండి

"పురుగుమందు తాగాడా?" అని అడిగితే "లేదు సార్" అనే జవాబు వస్తుంది, అది అబద్ధం కాదు. రైతుల లెక్కలో పురుగుమందు వేరు, పూత మందు వేరు. పూత మందును టానిక్ అని కూడా అంటారు. బలానికి వాడేది కాబట్టి అపాయం లేదని నమ్ముతారు, అందుకే చేతి తొడుగులు లేకుండా కలుపుతారు. మన కేసులో భార్య మాట ఇలా ఉంటుంది: "పురుగుమందు కాదు సార్, పూత మందే. మా ఆయన ఏటా కొడతాడు, ఎప్పుడూ ఏం కాలేదు." ఆ మాట విని వదిలేయకండి. డబ్బా తెప్పించండి, లేదంటే ఇంటి దగ్గరున్న వాళ్లతో లేబుల్ ఫోటో తీయించి వాట్సాప్‌లో పంపించమనండి. కంపెనీ పేరు కాదు, అందులో ఏముందో రాసిన చిన్న అక్షరాల వరుస కావాలి.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. మందు కొట్టి వచ్చిన రైతు అనగానే ఆర్గానోఫాస్ఫరస్ విషం అనుకుని అట్రోపిన్ మొదలుపెడతారు. టార్చి వేసి కంటిపాపలు చూడండి. ఆర్గానోఫాస్ఫరస్ అయితే పాపలు సూదిమొనంత అవుతాయి, నోట్లో చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి, ఊపిరితిత్తుల్లో గురగుర వినిపిస్తుంది. మన రైతుకు పాపలు మామూలుగా ఉన్నాయి, నోరు పొడిగా ఉంది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, మనిషి మాత్రం నీలం. ఇతనికి అట్రోపిన్ ఇస్తే అసలే దడదడలాడుతున్న గుండె ఇంకా పరుగెడుతుంది. రెండు మందులు కలిపి కొట్టే అలవాటూ ఉంది కాబట్టి, అట్రోపిన్ అవసరమా కాదా అన్నది ఒంట్లో కనిపించే లక్షణాలను బట్టి తేల్చుకోండి, కథను బట్టి కాదు.

మూడో పని: రక్తం రంగు చూడండి

రక్తం తీసేటప్పుడే సిరంజి వంక చూడండి. మెట్‌హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్న రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. సిర నుంచి తీసిన మామూలు రక్తమూ ముదురుగానే ఉంటుంది కాబట్టి, కంటితో చూసి వదిలేయకుండా ఈ చిన్న పరీక్ష చేయండి. తెల్లటి ఫిల్టర్ పేపర్ మీద, లేదంటే తెల్లటి గాజుగుడ్డ మీద రోగి రక్తం ఒక చుక్క వేయండి. పక్కనే ఆరోగ్యవంతుడి రక్తం ఒక చుక్క వేయండి. రెండింటి మీదా ఆక్సిజన్ ట్యూబు చివర పెట్టి మెల్లగా ఊదనివ్వండి. ఆక్సిజన్ తగిలేసరికి మామూలు రక్తం ఎర్రబడుతుంది. మెట్‌హిమోగ్లోబిన్ ఉన్న చుక్క గోధుమరంగులోనే ఉండిపోతుంది. ట్యూబ్‌లైటు వెలుగులో, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. పోల్చడానికి రెండో చుక్క లేకుండా ఈ పరీక్ష చేయకండి, ఒక్క చుక్కను చూసి చెప్పడం కష్టం.

నీలం రంగు విషయంలో ఇంకో మాట. ఆక్సిజన్ తగ్గినందువల్ల నీలం కనిపించాలంటే డెసీలీటరు రక్తంలో సుమారు 5 గ్రాముల ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఉండాలి. మెట్‌హిమోగ్లోబిన్ అయితే 1.5 గ్రాములు చాలు. హిమోగ్లోబిన్ 15 ఉన్నవాడిలో 10 శాతానికే రంగు బయటపడుతుంది. అదే 8 గ్రాములున్న ఆడమనిషిలో దాదాపు 19 శాతానికి గానీ కనిపించదు, కానీ అసలే తక్కువున్న రక్తం కాబట్టి ఆమెకు ఆయాసం, మగత ముందే వచ్చేస్తాయి. మన పల్లెల్లో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలుసు. 'రంగు పెద్దగా మారలేదు కదా' అని ఆమెను పక్కన కూర్చోబెట్టకండి. చామనఛాయ ఒంటి మీద నీలం తేలిగ్గా తెలియదు, నాలుక, లోపలి పెదవి చూడాలి.

నాలుగో పని: అంకెల మధ్య తేడా లెక్కకట్టండి

మన రైతుకు ఆక్సిజన్ మాస్కు మీద తీసిన ఏబీజీలో pH 7.34, PaO2 290, లెక్కకట్టిన SaO2 99 వచ్చిందనుకోండి. మానిటర్ మీద SpO2 86.

```
SaO2 (ABG) − SpO2 = 99 − 86 = 13
```

ఈ తేడా 5 దాటితే, ఆక్సీమీటర్‌కు తెలియని హిమోగ్లోబిన్ ఏదో రక్తంలో ఉందని అర్థం. వేళ్లు చల్లబడి, గోరింటాకో గోళ్ల రంగో అడ్డుపడి అంకె తప్పు వచ్చిందేమో చూసుకోండి. చెవికి పెట్టి కూడా చూడండి. అప్పుడూ 86 అయితే సందేహం పెట్టుకోకండి.

ఎంత శాతం ఉందో ఖచ్చితంగా చెప్పేది కో-ఆక్సీమీటర్ ఒక్కటే. అది రెండు కాంతులతో ఆగదు, చాలా తరంగదైర్ఘ్యాలు వాడి ఒక్కో రకం హిమోగ్లోబిన్‌నూ విడిగా కొలుస్తుంది. పెద్దాసుపత్రుల ఐసీయూల్లోని ఏబీజీ యంత్రాల్లో ఇది కలిసే ఉండొచ్చు. రిపోర్టులో MetHb అనే వరుస ఉందో లేదో మీ ఆసుపత్రిలో ఇప్పుడే వెళ్లి చూసి పెట్టుకోండి, అవసరం పడ్డ రాత్రి వెతుక్కోవడానికి టైముండదు. మన కేసులో హిమోగ్లోబిన్ 13.2, MetHb 38 శాతం అని వచ్చింది. అంటే 13.2లో 5 గ్రాములు పనికిరాకుండా పోయింది, పనిచేసేది 8.2 గ్రాములే. ఆ 8.2 కూడా ఆక్సిజన్‌ను వదలడానికి మొరాయిస్తోంది. మాట తడబడటం, దడ అందుకే.

కో-ఆక్సీమీటర్ లేని చోట ఏం చేయాలి? చాక్లెట్ రక్తం, ఆక్సిజన్‌కు కదలని 85, శుభ్రమైన ఊపిరితిత్తులు, కథలో నైట్రోబెంజీన్, ఈ నాలుగూ కలిసి, మనిషి మగతలోకి జారుతుంటే రిపోర్టు కోసం ఆగకండి. నా ఉద్దేశంలో ఇలాంటప్పుడు విరుగుడు ఇచ్చి అంబులెన్స్ ఎక్కించడమే మేలు, విరుగుడు లేకుండా వంద కిలోమీటర్లు పంపడం కంటే.

ఐదో పని: మిథిలీన్ బ్లూ

లక్షణాలు ఉన్నవారిలో 20 శాతం, లక్షణాలు లేనివారిలో 30 శాతం దాటితే ఇవ్వాలన్నది ఎక్కువమంది పాటించే హద్దు. రక్తహీనత, గుండెజబ్బు ఉన్నవారికి ఇంకా ముందే ఇవ్వాలి.

ఇచ్చేముందు మూడు ప్రశ్నలు. మొదటిది, జీ6పీడీ లోపం ఉందా? మిథిలీన్ బ్లూ తనంతట తాను పనిచేయదు. ఎర్ర రక్తకణంలో ఎన్‌ఏడీపీహెచ్ సాయంతో మారి, ఆ తర్వాతే ఇనుముకు ఎలక్ట్రాన్‌ను తిరిగి ఇస్తుంది. ఆ ఎన్‌ఏడీపీహెచ్ తయారయ్యేది జీ6పీడీ ఎంజైమ్ వల్లే. ఎంజైమ్ లేకపోతే మందు పనిచేయదు సరికదా, రక్తకణాలు పగిలిపోతాయి. పరీక్ష ఫలితం రాత్రికి రాదు, కాబట్టి అడిగి తెలుసుకోండి: "ఇదివరకు ఏదైనా మాత్ర వేసుకున్నాక కామెర్లు వచ్చి, మూత్రం కాఫీ రంగులో పోసిందా? మీ అన్నదమ్ములకు, మేనమామలకు అలా అయిందా?" ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చినవారిని తప్పకుండా అడగండి, అక్కడి గిరిజనుల్లో ఈ లోపం ఎక్కువ. రెండో ప్రశ్న, డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నారా? ఫ్లూఆక్సిటిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి వాటితో మిథిలీన్ బ్లూ కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. ప్రాణం మీదికి వచ్చిన చోట అయినా ఇవ్వవలసి రావచ్చు, కానీ తెలిసి ఇచ్చి కనిపెట్టుకుని ఉండటం వేరు. మూడోది, గర్భవతా?

మోతాదు కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. 1 శాతం యాంప్యూల్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. మన రైతుకు కిలోకు 1 చొప్పున లెక్క:

```
60 kg × 1 mg/kg = 60 mg
60 mg ÷ 10 mg/ml = 6 ml
```

ఆ 6 మిల్లీలీటర్లను 50 మిల్లీలీటర్ల 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలిపి, కనీసం 5 నిమిషాలు తీసుకుని నిదానంగా నరంలోకి ఇవ్వండి. సెలైన్‌లో కలపకండి, క్లోరైడ్ వల్ల మందు సరిగా కరగదు. డెక్స్‌ట్రోజ్ ఇంకోలా కూడా కలిసొస్తుంది, రక్తకణాలు తమ రిపేరు పనికి కావలసిన శక్తిని గ్లూకోజ్ నుంచే తీసుకుంటాయి. క్యాన్యులా నరంలోనే ఉందని ముందు ఖాయం చేసుకోండి, పక్కకు కారితే ఆ చోట కండ కుళ్లుతుంది. యాంప్యూల్ మీది శాతం చూసి లెక్క మళ్లీ వేయండి, 0.5 శాతంవి కూడా దొరుకుతాయి.

ఫార్మసీలో లేదంటే థియేటర్‌లో అడగండి. గర్భనాళాలు తెరుచుకున్నాయో లేదో చూడటానికి గైనకాలజిస్టులు, మరికొన్ని ఆపరేషన్లలో సర్జన్లు వాడతారు కాబట్టి అక్కడ ఇంజెక్షన్ యాంప్యూల్ ఉండే అవకాశం ఉంది. ల్యాబ్‌లో స్లైడ్ల రంగు వేయడానికి వాడే మిథిలీన్ బ్లూ సీసాను మాత్రం ఎంత అత్యవసరమైనా ముట్టుకోకండి. అది నరంలోకి ఇవ్వడానికి తయారుచేసింది కాదు.

ఆరో పని: ఇచ్చాక ఆక్సీమీటర్ మళ్లీ మోసం చేస్తుంది

మందు ఎక్కుతుండగానే SpO2 ఒక్కసారిగా 70, 60కి పడిపోవచ్చు. మిథిలీన్ బ్లూ కూడా 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపు కాంతినే గట్టిగా పీల్చుకుంటుంది, అందుకే పరికరం ఆక్సిజన్ పడిపోయిందనుకుంటుంది. కొద్ది నిమిషాల్లో పైకి వస్తుంది. ఈ సంగతి పక్కనున్న సిస్టర్‌కు ముందే చెప్పి ఉంచండి, అలారం విని ట్యూబు వేయడానికి పరుగెత్తకుండా. రోగి బంధువులకూ చెప్పాలి, మూత్రం ఆకుపచ్చ నీలంగా వస్తే భయపడవద్దని.

ఆ గంటలో నమ్మదగినది మానిటర్ కాదు, మనిషి. మాట స్పష్టమైందా, నాడి దిగిందా, నాలుక గులాబీ రంగుకు తిరిగిందా చూడండి. గంట తర్వాత మన రైతుకు MetHb 14 శాతం, నాడి 92, భార్యను పేరు పెట్టి పిలుస్తున్నాడు. మెరుగు లేకపోతే 30 నుంచి 60 నిమిషాల మధ్య రెండో మోతాదు ఇవ్వవచ్చు. మొత్తం కలిపి కిలోకు 7 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇతనికి 420. ఆ హద్దు దాటితే మిథిలీన్ బ్లూ తానే మెట్‌హిమోగ్లోబిన్‌ను పుట్టిస్తుంది.

రెండు మోతాదులకూ చలనం లేకపోతే మూడోది ఎక్కించడం కాదు, ఆగి ఆలోచించాలి. ఒంటి మీద ఇంకా మందు మిగిలి ఉందా? జీ6పీడీ లోపమా? అసలు ఇది సల్ఫ్‌హిమోగ్లోబినా? దానికి మిథిలీన్ బ్లూ పనిచేయదు. జీ6పీడీ లోపం అనుకుంటే నరంలోకి విటమిన్ సి ఇస్తారు, అది నెమ్మదిగా పనిచేస్తుంది. మనిషి దిగజారుతుంటే రక్తమార్పిడికి పెద్దాసుపత్రితో మాట్లాడండి.

ఏడో పని: తెల్లారేదాకా వదలకండి

నైట్రోబెంజీన్ విషయంలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది ఈ భాగమే. కొవ్వులో దాక్కున్న విషం గంటల తరబడి మెల్లగా రక్తంలోకి దిగుతూ, కాలేయంలో మారుతూ, కొత్తగా మెట్‌హిమోగ్లోబిన్ చేస్తూనే ఉంటుంది. విరుగుడు ప్రభావం అంతకాలం నిలవదు. అందుకే రాత్రి గులాబీ రంగుకు తిరిగిన మనిషి తెల్లవారుజామున మళ్లీ నీలం కావచ్చు. మన రైతుకు ఉదయం ఐదున్నరకు తలనొప్పి తిరగబెట్టింది, MetHb 27 శాతం. ఇంకో 60 మిల్లీగ్రాములు ఇచ్చారు. మొత్తం 120, హద్దుకు చాలా దూరం. స్నానం చేయించినప్పుడు వదిలేసిన చెవుల వెనక, గోళ్ల కింద మళ్లీ సబ్బుతో కడిగారు.

మొదటి రోజంతా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మెట్‌హిమోగ్లోబిన్ చూడాలి. అది లేనిచోట గంట గంటకూ నాలుక రంగు, నాడి, మెలకువ రాసిపెట్టాలి. "బాగయ్యాడు కదా సార్, మిరప నీళ్లకు వచ్చింది, పంపించేయండి" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. రెండు మూడు రోజులైనా ఉంచి పంపండి.

రెండో రోజు నుంచి ఇంకోదాని కోసం చూడాలి. ఇనుమును చెడగొట్టిన విషమే హిమోగ్లోబిన్ ప్రోటీన్‌నూ గడ్డ కట్టిస్తుంది. వాటినే హైంజ్ బాడీలంటారు. ఆ కణాలను ప్లీహం పగలగొట్టేస్తుంది. మూడో రోజు మన రైతుకు హిమోగ్లోబిన్ 13.2 నుంచి 10.8కి దిగింది, కళ్లు కొంచెం పచ్చబడ్డాయి. నీళ్లు బాగా పట్టించారు, రోజూ హిమోగ్లోబిన్, క్రియాటినిన్ చూశారు, రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. ఐదో రోజుకు అంకె నిలబడింది.

డిశ్చార్జి కాగితంలో మందు పేరు, మెట్‌హిమోగ్లోబిన్ అంకెలు, ఇచ్చిన మిథిలీన్ బ్లూ మోతాదు రాయండి. జీ6పీడీ పరీక్షకు తేదీ మూడు నెలల తర్వాతకు వేయండి. రక్తకణాలు పగిలిన వెంటనే చేస్తే ఒంట్లో మిగిలేవి కొత్తగా పుట్టిన కణాలే, వాటిలో ఎంజైమ్ ఎక్కువగా ఉండి లోపం ఉన్నా లేనట్టే రిపోర్టు వస్తుంది.